కత్తి తప్పే చోటు

"తెల్లగా కనబడుతోందే రూతూ!" అన్నాడు మా అన్నయ్య లూకా, చెప్పులైనా విడవకుండా.

చేతిలో స్టిక్కర్ల కట్ట ఉంది. బాపట్లలో స్టిక్కర్లు కోసే కొండయ్య దగ్గర వాటిని కోయించుకుని, నేరుగా తెనాలి బండెక్కి, స్టేషన్లో దిగి మా స్క్రీన్ ప్రింటింగ్ షాపు దాకా నడిచే వచ్చినట్టున్నాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. నేను అద్దం బల్ల మీద ఎవరిదో కిరాణా కొట్టు బోర్డుకి అక్షరాలు గీసుకుంటున్నాను. ఆ అక్షరాల మీదే కట్ట విప్పి పరిచాడు.

చూశాను. గోధుమరంగు రొయ్య, ఒంటి మీద నల్ల చారలు, పొడుగాటి మీసాలు. బొమ్మ నాదే. మా ఆయన బర్నబాస్ అచ్చు కూడా శుభ్రంగా వేశాడు. కానీ పొట్ట పొడుగునా, కాళ్ల కిందుగా, వెంట్రుకవాసి తెల్ల గీత. ఒకదానికి పొట్ట కింద ఉంటే, ఇంకోదానికి వీపు మీద. తెల్ల గీత ఒకవైపు వస్తే, రెండోవైపు చారల చివర్లు తెగిపోయాయి.

"ఇదెవరికి కనబడుతుందిలే అన్నయ్యా" అన్నాను, నాకు కనబడుతూనే ఉన్నా.

"రేపల్లెలో అందరికీ కనబడుతుంది. సాంబశివరావుగారికి ముందు కనబడుతుంది."

ఆ మాట నిజమే. ఆ సంగతి చెప్పకపోతే మా అన్నయ్య గోల చాదస్తంలా ఉంటుంది.

అన్నయ్య రేపల్లె చుట్టుపక్కల చెరువులకి రొయ్య పిల్లని తెచ్చి ఇచ్చే ఏజెంటు. రెండేళ్ల కిందట తెల్లమచ్చ తెగులొచ్చింది. రొయ్య డొప్ప మీద చిన్న చిన్న తెల్ల చుక్కలు పడతాయి. చుక్కలు కనబడ్డాక ఇక చెరువు గట్టు మీద నిలబడి ఏడవడమే, రొయ్యలు అంచుకొచ్చి తేలిపోతాయి. అన్నయ్య ఇచ్చిన పిల్ల వేసిన చెరువులన్నీ పోయాయి. వేరేవాళ్లు ఇచ్చిన పిల్ల వేసినవీ పోయాయి, అన్నయ్య సొంతానికి కౌలుకి తీసుకున్న చెరువూ పోయింది. కానీ పిల్లని దింపినప్పుడు "గ్యారంటీ అండి, నాది పూచీ" అని గట్టు గట్టుకీ తిరిగి చెప్పింది మాత్రం అన్నయ్యే. అప్పట్నుంచీ రేపల్లె బజార్లో ఆయన ఎదురొస్తే మనుషులు పక్క సందులోకి తిరుగుతారు. మా అన్నయ్యా అంతే, వాళ్లు తిరక్కముందే తనే తిరిగిపోతాడు. చేతులు మాత్రం ఊరుకోవు. బస్సు టిక్కెట్టు ఇస్తే ముక్కలు చేస్తాడు. గ్లాసు ఇస్తే బల్ల మీద తిప్పుతూ ఉంటాడు. తెల్ల పంచె కట్టడం మానేశాడు, ఇంట్లో గోడలకి సున్నం వద్దని నీలం కొట్టించాడు. వదిన నవ్వలేక, ఏడవలేక ఊరుకుంది.

ఈ ఏడు, తొంభై ఏడు సీజనుకి, తెగులు లేదని పరీక్ష చేసిన పిల్లని ఇస్తామని ఒక హేచరీ వాళ్లు ఒప్పుకున్నారు. రేపల్లెలో శనివారం సాంబశివరావుగారి పెద్దరికాన రైతుల మీటింగు. లూకా దగ్గర మళ్లీ పిల్ల తీసుకోవాలా, వద్దా అన్నది అక్కడే తేలుతుంది. తీసుకోమంటే అన్నయ్య మళ్లీ ఆ ఊళ్లో తలెత్తుకుని తిరుగుతాడు. వద్దంటే ఊరొదిలి పోతానని వదినతో అనేశాడు. పిల్ల పెట్టెల మీద, రైతుల మోపెడ్ల మీద అంటించడానికే ఈ రొయ్య స్టిక్కరు.

బొమ్మ గీసేటప్పుడు నా తలకాయ తిన్నాడు. కంట్లో మెరుపు చుక్క పెడితే తీసెయ్యమన్నాడు, తెల్లది కదా. పొట్ట మీద లేత రంగు వద్దన్నాడు. చుట్టూ నీళ్లూ, గడ్డీ ఏదైనా వేస్తానంటే అదీ వద్దు, "వట్టి రొయ్య కావాలి నాకు, సరిగ్గా గీత మీదే కొయ్యాలి" అని పట్టుబట్టాడు. అన్నగారు కదా అని గీత మీదే డై గీసి పంపాను. ఇప్పుడు చూడండి, తెలుపుకి భయపడి అన్నీ తీసేయిస్తే అది అంచు మీదికొచ్చి కూర్చుంది.

"కొండయ్య కత్తి సరిగ్గా వెయ్యలేదు" అన్నాడు అన్నయ్య.

"కొండయ్య బాబాయిని అనకు. గీత మీదే కొయ్యమంటే ఎవరు కోసినా ఇంతే."

ఆ పని చెయ్యని వాళ్లకి ఇది అర్థం కాదు. డై అంటే పెద్ద యంత్రమేం కాదు. చెక్క పలకలో బొమ్మ ఆకారానికి కోసి, ఆ గాడిలో సన్నటి ఉక్కు బ్లేడుని వంచి దిగేస్తారు. స్టిక్కరు షీటు దాని కింద పెట్టి నొక్కితే బ్లేడు తిరిగిన దారంతా తెగుతుంది. అచ్చు వేసేటప్పుడు షీటు ఒక పిసరు జరుగుతుంది. ఎండకి ఆ ప్లాస్టిక్ షీటు కాస్త సాగుతుంది. కత్తి కింద పెట్టేటప్పుడు ఇంకో పిసరు. రంగు ఎక్కడ ఆగుతుందో సరిగ్గా అక్కడే కత్తి దిగాలంటే ఈ పిసర్లన్నీ కలిసి ఊరుకోవు. రంగు దాటి అటు దిగితే తెల్ల షీటు కనబడుతుంది, ఇటు దిగితే బొమ్మ తెగుతుంది.

నేనిదంతా చెబుతుంటే అన్నయ్య వినలేదు. బల్ల మీద నా గోధుమరంగు స్కెచ్ పెన్ను తీసుకుని కూర్చుని, ఒక్కొక్క స్టిక్కరు అంచూ పూయడం మొదలుపెట్టాడు. ప్లాస్టిక్ మీద ఆ సిరా ఆగుతుందా? వేలు తగిలితే పోతోంది. పోతే మళ్లీ పూస్తున్నాడు. చూస్తూ చూస్తూ ఉండగానే ఆయన వేళ్లూ, చొక్కా చేతులూ, నా కిరాణా కొట్టు అక్షరాలూ గోధుమరంగు అయ్యాయి.

లోపల్నించి బర్నబాస్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఒక స్టిక్కరు తీసి వెలుతుర్లో పెట్టి చూశాడు.

"కత్తిని లోపలికి జరిపితే పోలా బావా? రంగు లోపలే తెగుతుంది. తెలుపు రమ్మన్నా రాదు."

అది నాకూ తట్టింది కానీ, చేత్తో చూపిస్తే తప్ప మా అన్నయ్య నమ్మడు. కత్తెర తీసుకుని ఒక రొయ్యని అంచుకి కాస్త లోపలగా కత్తిరించాను. తెల్ల గీత పోయింది నిజమే. దాంతోపాటు కాళ్ల కొనలు పోయాయి. మీసాలు సన్నవి కదా, అవి మొత్తానికే పోయాయి.

అన్నయ్య దాన్ని చూసి లేచి నిలబడ్డాడు. "మీసాలు తెగిన రొయ్య ఎలాంటిదో తెలుసా నీకు? చెరువులో వల తీస్తే ముందు మీసాలే చూస్తారు. నలత చేసిన రొయ్యకే అవి విరిగిపోయేది. తెల్లమచ్చ వద్దని ఇంకో రోగం అంటిస్తావా?"

"గోరుచుట్టు మీద రోకటి పోటు" అని బర్నబాస్ గొణుక్కుంటూ లోపలికి పోయాడు.

అన్నయ్య వాకిట్లోకి వెళ్లాడు, వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. కాలుగాలిన పిల్లి కూడా కాసేపు ఎక్కడో ఒకచోట కూర్చుంటుంది. ఆయన్ని చూస్తుంటే నాకూ చేతులు ఆడడం మానేశాయి. ఇవాళ బుధవారం, శనివారం పొద్దున్నే మీటింగు. ఈ లోపల కొత్త డై కావాలి, మళ్లీ అచ్చు వెయ్యాలి, రంగులు ఆరాలి, కత్తిరించాలి. ఏం చెయ్యాలో మాత్రం నాకు ముందునుంచీ తెలుసు.

"కత్తిని బయటికి జరపాలి. రంగుని ఇంకా బయటికి జరపాలి" అన్నాను.

"అంటే?"

"రొయ్య చుట్టూ ఆకుపచ్చ నీళ్లు వేస్తాను. రొయ్య అంచుకి ఇంత దూరంలో కత్తి తిరుగుతుంది. ఆకుపచ్చ అక్కడ ఆగదు, కత్తి గీత దాటి ఇంకా అవతలికి పోతుంది. అప్పుడు కత్తి ఎటు జరిగినా ఆకుపచ్చలోనే పడుతుంది."

"చుట్టూ ఏమీ వద్దన్నాను కదా!"

"వద్దన్నావు, విన్నాను, ఏమైందో చూశావుగా?"

"నీళ్లు వేస్తే రొయ్య ఎక్కడ కనబడుతుంది? అందరూ వేసే స్టిక్కరులాగే ఉంటుంది. నాది వట్టి రొయ్యే ఉండాలి. దాన్ని చూడగానే శుభ్రంగా ఉందనిపించాలి. ఒక్క తప్పు కూడా ఉండకూడదు."

నాకు ఒళ్లు మండింది. మండితే నేను ఆగను, మా వీధి వీధంతా ఎరుగుదురు. "తప్పే ఉండకూడదంటే ఇంట్లో కూర్చో! ఇదే మాట గట్ల మీద తిరిగి చెప్పావు. గ్యారంటీ, గ్యారంటీ అన్నావు. ఆ తెగులు నువ్వు తేలేదని నాకు తెలుసు, వాళ్లకీ తెలుసు. వాళ్ల కడుపుమంట దానికి కాదు. తప్పొస్తే ఏం చేద్దామని నువ్వొక్క మాటైనా అనలేదు, దానికి!"

అన్నయ్య మొహం చూడలేకపోయాను. స్కెచ్ పెన్ను బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకునే ఉన్నాడు కాబట్టి నేరుగా వీధిలోకి నడిచిపోయాడు. నోరు జారానని తెలిసింది. కానీ అన్నది అబద్ధం కాదు, అందుకని వెనక్కి పిలవలేదు. బర్నబాస్ తలుపు సందులోంచి చూసి, చూడనట్టు తల లోపలికి లాక్కున్నాడు.

ఖాళీగా కూర్చుంటే ఏడుపొస్తుందని పని మొదలుపెట్టాను. మందపాటి అట్ట తీసుకుని రొయ్య ఆకారం కోశాను. దాన్ని ట్రేసింగ్ కాగితం మీద కదలకుండా అతికించాను. నా పనిపెట్టెలో ఒక చిన్న ఇత్తడి వాషరు ఉంటుంది, ఏదో పాత టార్చిలైట్లోంచి ఊడింది. దాని బెజ్జంలో డ్రాయింగ్ పెన్ను మొన సరిగ్గా పడుతుంది. పెన్ను అందులో పెట్టి, వాషరు అంచుని అట్ట అంచుకి ఆనించి చుట్టూ దొర్లిస్తే చాలు. ఎక్కడ మొదలుపెట్టినా, ఎలా తిరిగినా, గీత అట్టకి అంతే దూరంలో పడుతుంది. కొలబద్దతో చుక్కలు పెట్టుకుంటూ పోతే ఇంత బాగా రాదు.

వీపు మీద సగం దాకా వచ్చాను. అప్పుడు బల్ల మీద నీడ పడింది. అన్నయ్య. చేతిలో కాగితం పొట్లం, వేడి పకోడీలు. మా ఇంట్లో క్షమించమనడం అంటే ఇంతే. ఎవరు ఎవర్ని అడిగారో కూడా తెలియదు.

"ఎంత దూరం పెడతావు?" అన్నాడు.

"కత్తి ఎంత తప్పగలదో అంతకన్నా కొంచెం ఎక్కువ. రెండు మిల్లీమీటర్లు పెడుతున్నా."

"తప్పుతుందని ముందే ఒప్పుకుంటావన్నమాట."

"ఒప్పుకుంటేనే కనబడదు."

కాసేపు చూసి, "ఇలా ఇవ్వు" అన్నాడు.

ఇచ్చాను. అన్నయ్య వాషరుని అట్టకి ఆనించి దొర్లించడం మొదలుపెట్టాడు. కాళ్ల దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. "సందుల్లోకి పోవట్లేదే?"

"పోకూడదు. అది పట్టని సందులో బ్లేడూ వంగదు. కాళ్లన్నీ కలిపి ఒక్కటిగా చుట్టి వచ్చెయ్."

మీసాల దగ్గరా అంతే. రెండు మీసాల మధ్య వాషరు దూరదు, వాటిని కలిపి ఒక ఆకులా చుట్టి వచ్చింది. అన్నయ్య నాలుక కొన పళ్ల మధ్య పెట్టుకుని, చిన్నప్పుడు పలక మీద దిద్దినట్టు దొర్లిస్తున్నాడు. రెండేళ్లలో ఆయన చేతులు ఒక పని మీద నిలవడం అప్పుడే చూశాను. తోక దగ్గర మాత్రం చెయ్యి వణికింది. గీత అక్కడ కాస్త వంకర పోయింది.

"అయ్యో, పాడైంది."

"ఏం పాడవలేదు. దానికి ఇటూ ఆకుపచ్చే, అటూ ఆకుపచ్చే. నీ వణుకు ఎవరికీ కనబడదు."

నిజంగానే సరిచెయ్యలేదు. ఆ గీతకే నకలు తీసుకుని మర్నాడు అన్నయ్య మళ్లీ బాపట్ల వెళ్లాడు. కొండయ్య కాగితం చూసి, "ఈ గీత ముందే పంపుంటే నాకూ ఈ తిట్లు తప్పేవి బాబూ" అన్నాడట. ఆ పూటే బ్లేడు వంచి పలకలో దిగేశాడు.

ఇక్కడ మేం ముందు ఆకుపచ్చ వేశాం. రొయ్య ఉండే చోటు ఖాళీ వదల్లేదు, నిండా వేసేశాం. వదిలితే ఆకుపచ్చకీ గోధుమరంగుకీ మధ్య ఇంకో తెల్ల సందు వస్తుంది. అది ఆరాక దాని మీదే చిక్కటి గోధుమరంగు రొయ్య, ఆ పైన నల్ల చారలు. షీటు మీద చూస్తే చెరువుల్లాంటి పచ్చటి చతురస్రాల్లో రొయ్యలు. అచ్చువేసేటప్పుడు షీటులో ఏ మూల ఆనించామో, కత్తి దగ్గరా అదే మూల ఆనించమని కొండయ్యకి చెప్పి పంపాం.

శుక్రవారం సాయంత్రానికి స్టిక్కర్లు తిరిగొచ్చాయి. నేను ఒక్కొక్కటీ తిప్పి చూశాను. ఒకదానికి పచ్చ అంచు పొట్ట వైపు కొంచెం లావు, ఇంకోదానికి వీపు వైపు లావు. కత్తి ఈసారీ తప్పింది. తెలుపు మాత్రం ఎక్కడా లేదు, మీసాలు పూర్తిగా ఉన్నాయి. అన్నయ్య చూశాడు. కట్టలు కట్టుకోవడానికి దారం తెచ్చుకున్నాడు.

శనివారం నేనూ రేపల్లె బండెక్కాను. జంపని దాటింది, వేమూరు దాటింది. అన్నయ్య కిటికీ పక్కన కూర్చుని, మీటింగులో చెప్పాల్సింది పెదాలతో చదువుకుంటున్నాడు. "నూటికి నూరు శాతం" అన్న మాట నాకు రెండుసార్లు వినబడింది. ఇంత చేసి మళ్లీ అదే మాటా? అడుగుదామనుకున్నాను కానీ బుధవారం నాడు అన్నదే ఇంకా చల్లారలేదు. నోరు మూసుకున్నాను, నాకు అలవాటు లేని పని.

మీటింగు ఒక రైసుమిల్లు షెడ్లో. జనం వచ్చారు కానీ అన్నయ్య వైపు ఎవరూ చూడట్లేదు. ముందు వరసలో సాంబశివరావుగారు. అందరికన్నా ఎక్కువ చెరువులు పోయింది ఆయనకే. ఆయన ఏమంటే మిగతావాళ్లు అదే అంటారు. అన్నయ్య ఇచ్చిన స్టిక్కరుని ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశాడు. అంచు మీద గోరుతో గీశాడు. పక్కకి తిప్పి మళ్లీ చూశాడు. తెలుపు కోసమే వెతుకుతున్నాడని షెడ్లో అందరికీ తెలుసు.

"తెలుపు లేదే" అన్నాడు చివరికి. తర్వాత కళ్లజోడు తీసి, "సరే, బొమ్మ బాగుంది. పిల్ల సంగతేంటి లూకా? ఈసారి గ్యారంటీయేనా?" అన్నాడు.

అన్నయ్య లేచాడు. చేతులు జేబులో దోపుకున్నాడు. నేను కళ్లు మూసుకున్నాను.

"లేదండి" అన్నాడు.

షెడ్లో గుసగుస మొదలైంది.

"పరీక్ష చేసిన పిల్లేనండి. కాగితం చూపిస్తాను. అయినా గ్యారంటీ అనలేను. పోయినసారి అన్నాను, అది నా తప్పు." బల్ల మీది కట్టలోంచి ఒక స్టిక్కరు తీసుకుని దాని అంచు మీద వేలు పెట్టాడు. "ఈ పచ్చ అంచు చూడండి. కత్తి తప్పినా రొయ్యకి తగలకుండా వదిలిందండి. పిల్ల కూడా అలాగే వేద్దాం. అందరూ అన్ని చెరువుల్లో వెయ్యొద్దు. ముందు ఒక్కొక్కరు ఒక్క చెరువులోనే వెయ్యండి. మిగతావి ఎండగట్టి ఉంచండి. తప్పితే ఆ ఒక్కదాంట్లోనే తప్పుతుంది. ఆ చెరువు నష్టంలో నేనూ పాలుంటాను."

సాంబశివరావుగారు అవుననలేదు, కాదనలేదు. స్టిక్కరు పట్టుకుని లేచి బయటికి నడిచాడు. అయిపోయిందనుకున్నాను. అన్నయ్య కూడా అలాగే అనుకున్నట్టున్నాడు, కట్ట మీద దారం మళ్లీ చుట్టడం మొదలుపెట్టాడు.

బయట ఆయన మోపెడ్ ఉంది. ఆయన దాని ట్యాంకుని కండువాతో తుడిచాడు. స్టిక్కరు వెనక కాగితం ఒలిచి, రొయ్యని ట్యాంకు మీద అంటించి, బొటనవేలితో మీసాల దాకా నొక్కాడు. అందరూ గుమ్మం దగ్గరికొచ్చి చూస్తున్నారు.

చేతిలో మిగిలిన కాగితాన్ని చూసుకుని, "ఏమయ్యా లూకా, ఇలా రా" అన్నాడు. "ఇది నువ్వుంచుకో."

అది స్టిక్కరు వెనక ఉండే మైనం కాగితం. కత్తి దాన్ని కూడా అదే గీతలో కోసింది. ఆకులా మీసాలు, ఒక్కటిగా కాళ్లు, తోక దగ్గర చిన్న వంకర, అన్నీ ఉన్న రొయ్య. తలనుంచి తోకదాకా తెల్లగా.

అన్నయ్య చెయ్యి చాపాడు. ఆ చేతులు కాగితం దొరికితే ముక్కలు చేస్తాయని తెలిసి నేను చూస్తూ నిలబడ్డాను. అన్నయ్య ఆ తెల్ల రొయ్యని కాసేపు అరచేతిలో పెట్టుకుని చూసి, మడత పెట్టకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"సోమవారం పొద్దున పిల్ల పట్టుకురా. ఒక్క చెరువుకే" అన్నాడు సాంబశివరావుగారు, మోపెడ్ స్టార్ట్ చేస్తూ.